గాజు కథ – 9: న్యూటన్ వద్దన్న జోడీ

కిందటి భాగాన్ని న్యూటన్ తీర్పు దగ్గర ఆపాం. తెల్లని వెలుగులో రంగులన్నీ కలిసి ఉంటాయనీ, గాజు ఒక్కో రంగును ఒక్కో మోతాదులో వంచుతుందనీ ఆయన 1672లో లోకానికి చెప్పాడు. అంతటితో ఆగలేదు. గాజు లెన్సుతో చేసిన టెలిస్కోపుకు ఈ రంగుల జబ్బు ఎన్నటికీ వదలదని కూడా తేల్చేసి, తాను లోహపు దర్పణంతో టెలిస్కోపు చేసుకున్నాడు. ఆయన మాటకు ఎదురు చెప్పే ధైర్యం చాలాకాలం ఎవరికీ లేకపోయింది. చివరికి ఆ తీర్పును తిరగరాసినవాళ్ళు ఒక న్యాయవాదీ, ఒక పట్టు నేతగాడూ. వాళ్ళ కథే ఈ భాగం. అయితే వాళ్ళ దగ్గరికి వెళ్ళేముందు ఎడ్మండ్ హేలీని కలవాలి. తోకచుక్కతో పేరు మోసిన ఆ హేలీయే.

1679లో, ఇరవై రెండేళ్ళ వయసులో, హేలీ డాన్‌జిగ్ నగరానికి వెళ్ళాడు. అక్కడ హెవేలియస్ అనే పెద్దాయన దగ్గర 150 అడుగుల పొడవైన టెలిస్కోపు ఉండేది. ఎత్తైన స్తంభానికి తాళ్ళతో, కప్పీలతో వేలాడదీసిన కొయ్య నిర్మాణం అది. గాలి వీస్తే ఊగేది, తేమ తగిలితే వంగేది. ఎందుకింత పొడవు? రంగుల మసక ఎంత వెడల్పు ఉంటుందన్నది లెన్సు వెడల్పు మీద ఆధారపడుతుంది కానీ దాని నాభ్యంతరం మీద కాదు. నాభ్యంతరం పెంచితే చంద్రుడి బొమ్మ పెద్దదవుతుంది, మసక మాత్రం ఉన్నంతే ఉంటుంది. అంటే పొడవు పెంచేకొద్దీ బొమ్మతో పోల్చితే మసక చిన్నదైపోతుంది. రంగుల్ని పోగొట్టలేనివాళ్ళు వాటిని పొడవుతో ఓడించాలని చూశారన్నమాట. ఆ కాలం నాటి పొడవాటి గొట్టాలన్నిటి వెనకా ఉన్న కారణం ఇదే.

ఆ రోజుల్లో లెన్సు చేసేవాడి చేతిలో ఉన్న లెక్క చాలా తక్కువ. రెండు వైపులా ఒకే వంపు ఉన్న లెన్సు నాభ్యంతరం ఆ వంపు వ్యాసార్ధమంత ఉంటుందనీ, ఒకవైపు చదునుగా ఉంటే దానికి రెట్టింపనీ కెప్లర్ 1611లో చెప్పాడు. రెండు వంపులూ వేరువేరుగా ఉంటే ఏం చేయాలో 1647లో కవలియేరి ఇంకో నియమం ఇచ్చాడు. రెండూ మామూలు గాజుకు సరిపోయే కొండగుర్తులు. గాజు మారితే, వంపు లోపలికి తిరిగితే పనివాడు మళ్ళీ అరగదీసి చూసుకోవాల్సిందే. 1693లో హేలీ రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం అచ్చువేశాడు. బీజగణితంతో ఏ గాజుకైనా, ఏ వంపులకైనా నాభి ఎక్కడ పడుతుందో ఒకే లెక్కలో తేల్చవచ్చని అందులో చూపించాడు. మన పిల్లలు కటక తయారీ సూత్రమని చదువుకునేది ఆ లెక్కకే పల్చటి లెన్సుల కోసం చేసుకున్న చిన్న రూపం:

1/f = (n − 1)(1/R1 − 1/R2)

ఇందులో n గాజు వక్రీభవన గుణకం, R1, R2 రెండు ముఖాల వంపు వ్యాసార్ధాలు. వెలుగు వెళ్ళే దిక్కున కేంద్రం ఉన్న వంపుకు వ్యాసార్ధం ధనం, వెనక్కి ఉంటే ఋణం. రెండు వైపులా ఉబ్బిన లెన్సులో రెండో ముఖం వ్యాసార్ధం ఋణం కనుక బ్రాకెట్లోని తీసివేత కూడికగా మారుతుంది. చదును ముఖానికి వ్యాసార్ధం అనంతం, దాని వంతు సున్నా.

ఈ సూత్రం పనివాడికి ఎందుకు ముఖ్యమంటే, ఇందులో అతని చేతిలో ఉన్నవాటినీ లేనివాటినీ విడదీసే గుణం ఉంది. n గాజు బట్టీలో నిర్ణయమైపోతుంది. వంపులు మాత్రం అతని సొంతం. ఇత్తడి గిన్నెలో ఎమరీ పొడీ నీళ్ళూ వేసి గాజు బిళ్ళను గంటలకొద్దీ తిప్పితే ఆ గిన్నె వంపే గాజుకు వస్తుంది. తన అరల్లో ఏ వ్యాసార్ధాల గిన్నెలున్నాయో చూసుకుని, వాటితో ఏ నాభ్యంతరం వస్తుందో ముందే తెలుసుకోవడానికి ఈ సూత్రం దారి చూపింది.

ఇక న్యాయవాది దగ్గరికి వద్దాం. చెస్టర్ మూర్ హాల్ ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంవాడు, స్థితిపరుడు, లండన్‌లో చట్టం చదివినవాడు. ఖాళీ వేళల్లో కాంతిశాస్త్రం ఆయన వ్యసనం. 1729 ప్రాంతంలో ఆయనకో ఆలోచన వచ్చింది. మన కంట్లో రకరకాల ద్రవాలున్నాయి, అయినా మనకు వస్తువుల చుట్టూ రంగుల అంచులు కనబడవు. అంటే ఒక పదార్థం రంగుల్ని విడదీస్తే ఇంకో పదార్థం కలుపుతున్నట్టేగా? అదే పని రెండు రకాల గాజుతో చేస్తే? నిజానికి కన్ను రంగుల దోషం లేనిది కాదు, మెదడు సర్దుకుపోతుందంతే. తప్పుడు ఆధారం మీద నిలబడి ఆయన సరైన తలుపే తట్టాడు.

రెండు రకాల గాజు అప్పటికి లండన్‌లో దొరుకుతున్నది. ఒకటి కిటికీలకు వాడే క్రౌన్ గాజు. రెండోది జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ 1670లలో తయారీకి తెచ్చిన సీసపు గాజు, మద్యం గ్లాసులకూ షాండిలియర్లకూ వాడే ఫ్లింట్ గాజు. తళతళా రంగులు చిమ్మడమే ఫ్లింట్ గాజు గొప్ప. హాల్ కన్ను పడింది సరిగ్గా ఆ గుణం మీదే.

రహస్యం బయటపడకూడదని ఆయన ఒక జాగ్రత్త పడ్డాడని తర్వాతి తరాలు చెప్పుకున్నాయి. ఉబ్బెత్తు క్రౌన్ లెన్సును ఎడ్వర్డ్ స్కార్లెట్‌కూ, గుంట ఫ్లింట్ లెన్సును జేమ్స్ మాన్‌కూ విడివిడిగా పురమాయించాడట. ఇద్దరూ పేరున్న దుకాణదారులే, చేతినిండా పనున్నవాళ్ళే. ఇద్దరూ ఆ పనిని బయటికిచ్చారు, ఇద్దరూ ఇచ్చింది ఒకే మనిషికి. జార్జ్ బాస్ అనే ఆ పనివాడు రెండు బిళ్ళలూ ఒకే ఖాతాదారుడివని గమనించాడు. ఒకదాని ఉబ్బూ ఇంకోదాని గుంటా ఒకే వ్యాసార్ధంతో ఉండడం కూడా చూశాడు. ఒకదాన్లో ఒకటి ఒదిగేలా పెట్టి చూస్తే విషయం అర్థమైపోయింది. 1733కల్లా హాల్ చేతికి టెలిస్కోపు వచ్చింది. దాదాపు ఇరవై అంగుళాల నాభ్యంతరానికి రెండున్నర అంగుళాల వెడల్పున్న లెన్సు, అదీ రంగుల అంచు లేకుండా. మామూలు లెన్సుతో అంత పొట్టి గొట్టానికి అంత వెడల్పు పెడితే చంద్రుడి చుట్టూ ఇంద్రధనుస్సే కనిపించేది. హాల్ దాన్ని చూసి సంతోషించి, పేటెంటు తీసుకోకుండా, వ్యాసం రాయకుండా ఊరుకున్నాడు.

ఆ జోడీలో ఏం జరుగుతున్నదో ఇప్పుడు కాస్త నింపాదిగా చూద్దాం. అంకెలు నేటి గాజువి, కొలతలు నేటి కొలతలు. లెన్సు సామర్థ్యాన్ని డయాప్టర్లలో చెబుతాం, అంటే మీటర్లలో ఉన్న నాభ్యంతరానికి విలోమం. కళ్ళద్దాల చీటీ మీద రాసే +2, −1.5 అనే పవరు ఇదే. ఈ కొలతను ప్రతిపాదించింది 1872లో మొన్వాయే అనే ఫ్రెంచి కంటి వైద్యుడు.

ఒక కిరణం లెన్సు మధ్య గీతకు ఎంత ఎత్తులో తగిలితే అంత ఎక్కువ వంగుతుంది. వంపు అంటే ఎత్తును సామర్థ్యంతో గుణించినంత. రెండు పల్చటి లెన్సులు ఆనుకుని ఉంటే కిరణం మొదటిదానికి తగిలిన ఎత్తులోనే రెండోదానికీ తగులుతుంది, మధ్యలో కిందికి దిగే అవకాశమే లేదు. ఎత్తు ఒకటే కనుక రెండు వంపులూ నేరుగా కలిసిపోతాయి:

P = P1 + P2

సరే, మనకు ఒక మీటరు నాభ్యంతరం, అంటే 1 డయాప్టర్ కావాలి. ఒక్క క్రౌన్ లెన్సుతో చేస్తే? గాజు రంగుల్ని ఎంత తక్కువగా చెదరగొడుతుందో చెప్పే అంకె ఒకటి ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త ఆబే పేరుతో దాన్ని పిలుస్తారు. క్రౌన్‌కు అది దాదాపు 60, ఫ్లింట్‌కు 36. లెన్సు సామర్థ్యాన్ని ఈ అంకెతో భాగిస్తే ఎరుపుకూ నీలానికీ మధ్య సామర్థ్యంలో వచ్చే తేడా తెలుస్తుంది. 1 డయాప్టర్ క్రౌన్ లెన్సుకు తేడా అరవయ్యో వంతు. అంటే మీటరు దూరంలో నీలం నాభి ఎరుపు నాభి కంటే 1.67 సెంటీమీటర్లు ముందే పడుతుంది. ఏ రంగు దగ్గర కన్ను పెట్టినా మిగతావి మసకే.

ఇప్పుడు జోడీ. క్రౌన్‌కు +2.5 డయాప్టర్లు, ఫ్లింట్‌కు −1.5 ఇద్దాం. మొత్తం +1, మనం కోరుకున్నదే. రంగుల తేడాలు చూడండి. క్రౌన్‌ది 2.5ను 60తో భాగిస్తే 0.0417. ఫ్లింట్‌ది 1.5ను 36తో భాగిస్తే అదీ 0.0417, కానీ ఋణం. రెండూ కలిస్తే సున్నా. సామర్థ్యం మిగిలింది, రంగు పోయింది. ఫ్లింట్ తక్కువ వంచి ఎక్కువ చెదరగొడుతుంది కనుకనే ఇది సాధ్యమైంది.

న్యూటన్ ఎక్కడ పొరబడ్డాడో కూడా ఈ లెక్కలోనే ఉంది. ఏ పదార్థమైనా ఎంత వంచితే అంత నిష్పత్తిలోనే రంగుల్ని విడదీస్తుందని ఆయన నమ్మాడు. అంటే ఆబే అంకె అన్నిటికీ ఒకటేనన్నట్టు. అదే నిజమైతే రంగుల తేడా సున్నా కావాలంటే రెండు సామర్థ్యాలూ సమానంగా, ఎదురెదురుగా ఉండాలి. అప్పుడు మొత్తం కూడా సున్నాయే. అది లెన్సు కాదు, కిటికీ అద్దం. న్యూటన్ తర్కంలో లోపం లేదు. లోపం ఆయన చేసిన కొద్దిపాటి ప్రయోగాల మీద అంత పెద్ద నియమాన్ని నిలబెట్టడంలో ఉంది.

వంపుల సంగతి తేల్చడానికి మళ్ళీ హేలీ దగ్గరికి రావాలి. క్రౌన్ గుణకం 1.52, ఫ్లింట్‌ది 1.62 అనుకుందాం. క్రౌన్ లెన్సుకు రెండు వైపులా ఒకే ఉబ్బు ఇస్తే, 2.5 డయాప్టర్లకు వ్యాసార్ధం 41.6 సెంటీమీటర్లు కావాలి. ఫ్లింట్ లోపలి గుంట ఈ ఉబ్బులో ఒదగాలి కనుక దానికీ 41.6. మరి ఫ్లింట్ వెనక ముఖం? సూత్రంలో పెట్టి చూస్తే వ్యాసార్ధం 64 మీటర్లని వస్తుంది. కంటికి అది చదును పలకే. చూశారా, మూడు వంపులకు ఒకటే వ్యాసార్ధం, ఇంకో ముఖానికి చదును పలక! జార్జ్ బాస్‌కు ఆ రెండు బిళ్ళల బంధుత్వం ఇట్టే దొరికిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆనుకుని ఉండాలన్న షరతును తేలిగ్గా తీసుకోకూడదు. అదే రెండు లెన్సుల మధ్య రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉందనుకోండి. క్రౌన్ నాభ్యంతరం 40 సెంటీమీటర్లు కనుక కిరణం ఆ రెండు సెంటీమీటర్లలో తన ఎత్తులో ఇరవయ్యో వంతు దిగిపోతుంది. ఫ్లింట్‌కు అది ఐదు శాతం తక్కువ ఎత్తులో తగిలి, 1.5కు బదులు 1.425 మాత్రమే వెనక్కి లాగుతుంది. మొత్తం 1.075కు చేరి నాభ్యంతరం 93 సెంటీమీటర్లకు పడిపోతుంది. రంగుల లెక్కా ఆ మేరకు చెడుతుంది. మందమైన లెన్సుల్లోనూ ఇదే ఇబ్బంది. వట్టి కూడికకు విలువ ఉన్నది లెన్సులు పల్చగా, దగ్గరగా ఉన్నంతవరకే.

ఇక నేతగాడు. జాన్ డాలండ్ 1706లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లో పుట్టాడు. మత హింసకు ఫ్రాన్సు వదిలి వచ్చిన ప్రొటెస్టెంటు కుటుంబం, ఆ పేటంతా అలాంటి పట్టు నేతగాళ్ళే. పగలంతా మగ్గం మీద, రాత్రి గణితం, గ్రీకు, లాటిన్ పుస్తకాల ముందు ఆయన యౌవనం గడిచింది. కొడుకు పీటర్ మగ్గం వద్దనుకుని 1750లో కళ్ళద్దాల, పరికరాల దుకాణం తెరిచాడు. రెండేళ్ళకు తండ్రి కూడా మగ్గం కట్టిపెట్టి కొడుకుతో చేరాడు. అప్పటికి ఆయనకు నలభై ఆరేళ్ళు.

మొదట ఆయన న్యూటన్ పక్షమే. 1747లో ఆయిలర్ అనే మహాగణితజ్ఞుడు గాజునూ నీటినీ కలిపి రంగుల్లేని లెన్సు చేయవచ్చని బెర్లిన్ నుంచి ప్రతిపాదిస్తే, న్యూటన్ ప్రయోగం ఉండగా అది కుదరదని డాలండ్ వాదించాడు. స్వీడన్ గణితజ్ఞుడు క్లింగెన్‌స్టియర్నా న్యూటన్ ప్రయోగంలోనే తిరకాసు ఉందని 1754లో చూపించాక ఆయనలో అనుమానం మొదలైంది. పుస్తకం పక్కనబెట్టి 1757లో తానే ప్రయోగానికి దిగాడు. నీటితో నింపిన గాజు తొట్టినే పట్టకంగా చేసి, అందులో గాజు పట్టకాన్ని తలకిందులుగా ముంచాడు. నీటి పట్టకం కోణాన్ని మార్చుతూ, బయటి వస్తువు తన చోటులోనే కనిపించేదాకా సర్దాడు. వంపు పూర్తిగా రద్దయింది. అయినా వస్తువు అంచున రంగులు మిగిలే ఉన్నాయి. న్యూటన్ నియమం నిజమైతే రెండూ కలిసే పోవాలి. ఆ క్షణంలో ఆ నేతగాడి చేతిలో ఎనభై అయిదేళ్ళ తీర్పు వీగిపోయింది.

తర్వాత క్రౌన్, ఫ్లింట్ చీలికలు అరగదీసి కొలిచాడు. రంగులు రద్దయ్యేచోట ఫ్లింట్ వంపుకూ క్రౌన్ వంపుకూ నిష్పత్తి దాదాపు 2:3 అని తేలింది. మన లెక్కలో 3:5 వచ్చింది, ఆయన గాజు వేరు, మన గాజు వేరు. ఈ చిన్న తేడానే అసలు తలనొప్పి. ఫ్లింట్‌లో సీసం పాలు బట్టీ బట్టీకీ మారిపోయేది. పై ఉదాహరణలో ఫ్లింట్ ఆబే అంకె 36కు బదులు 38 అయిందనుకోండి, సామర్థ్యాలు అవే ఉంచితే రంగుల నాభుల మధ్య మళ్ళీ రెండు మిల్లీమీటర్ల పైచిలుకు ఎడం వస్తుంది. కాబట్టి కొత్త ఫ్లింట్ వచ్చినప్పుడల్లా ఒక ముక్కను పట్టకంగా అరగదీసి కొలవక తప్పదు.

గుంట లెన్సుతో ఇంకో చిక్కుంది. అది వెలుగును విప్పుతుందే కానీ పోగుచేయదు, గోడమీద బొమ్మ పడదు, నాభ్యంతరం కొలిచేదెలా? దానికంటే బలమైన ఉబ్బెత్తు లెన్సుకు ఆనించి పెట్టడమే ఉపాయం. 40 సెంటీమీటర్ల లెన్సు, అంటే 2.5 డయాప్టర్లది, ఫ్లింట్‌తో కలిసి సూర్యుడి బొమ్మను సరిగ్గా మీటరు దూరంలో వేస్తే, ఫ్లింట్ వంతు 1 − 2.5 = −1.5. యంత్రాలు రాకముందు మన ఊళ్ళ కళ్ళద్దాల షాపుల్లో పాత అద్దాల పవరు కనుక్కున్నదీ ఇలాగే. పెట్టెలోంచి ఎదురు గుర్తు లెన్సు తీసి ఆనించి, అటూ ఇటూ కదుపుతూ అందులోంచి దూరంగా ఉన్న గీతను చూసేవారు. గీత కదలడం ఆగిపోయిందంటే మొత్తం సున్నా అయినట్టు, పెట్టెలోని లెన్సు అంకెకు గుర్తు మార్చి రాసుకునేవారు.

పూర్తయిన జోడీ సరిగ్గా కుదిరిందో లేదో చెప్పడానికి ప్రకాశవంతమైన నక్షత్రం చాలు. కంటివైపు లెన్సును నాభి నుంచి కాస్త లోపలికి తోసి చూడాలి. చుక్క విచ్చుకున్న బిళ్ళ అంచు ఎర్రబారితే ఫ్లింట్ పని చాలలేదు, నీలిబారితే ఎక్కువైంది. అంతా కుదిరినా ఎరుపూ నీలమూ ఒక్కచోటికి వస్తాయి కానీ వాటి మధ్యనున్న ఆకుపచ్చ కొద్దిగా పక్కనే ఉండిపోతుంది. మీటరు నాభ్యంతరానికి అది అరమిల్లీమీటరు. పదహారు మిల్లీమీటర్ల పైమాటను అరమిల్లీమీటరుకు దించడం చిన్న గెలుపు కాదు, కానీ పూర్తి గెలుపూ కాదు.

1758లో డాలండ్ వ్యాసం వెలువడింది, పేటెంటు వచ్చింది, రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. మూడేళ్ళకు, 1761 నవంబరులో, ఆయన హఠాత్తుగా చనిపోయాడు. పేటెంటు పీటర్ చేతికి వచ్చింది. తండ్రి బతికుండగా చూసీచూడనట్టు పోయిన వ్యవహారాన్ని కొడుకు కోర్టుకెక్కించాడు. అనుమతి లేకుండా జోడీ లెన్సులు చేసేవాళ్ళందరి మీదా దావాలు వేశాడు. 1764లో లండన్ పనివాళ్ళు ముప్ఫై అయిదుగురు కలిసి, ఇది డాలండ్ కనుక్కున్నది కాదు, ముప్ఫై ఏళ్ళ కిందట హాల్ చేసినదే, పేటెంటు కొట్టేయండని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. హాల్ అప్పటికి బతికే ఉన్నాడు, పేరు కోసం మాత్రం పాకులాడలేదు.

న్యాయస్థానం హాల్ ముందు చేశాడన్న మాటను కాదనలేదు. అయినా కనుక్కున్నదాన్ని బీరువాలో దాచుకున్నవాడికంటే లోకానికి తెచ్చినవాడికే పేటెంటు ఫలం దక్కాలన్న వాదన నెగ్గింది. 1766లో చాంప్నీస్ అనే దుకాణదారు మీద వేసిన దావాలో పీటర్ గెలిచాడు. చట్టం దృష్టిలో అది సబబే కావచ్చు. కానీ రెండు ముక్కల్నీ మొదట ఒదిగించి చూసిన జార్జ్ బాస్ పేరు ఈ తగవు వల్లే మనదాకా చేరిందంటే, గెలిచినవాళ్ళకంటే ఓడినవాళ్ళకే చరిత్ర ఎక్కువ రుణపడి ఉంది.

డాలండ్ టెలిస్కోపులు నౌకల మీదా వేధశాలల్లోనూ చోటు సంపాదించాయి. 150 అడుగుల కొయ్య టెలిస్కోపుల కాలం ముగిసింది. అయితే కొత్త జోడీకి ఒక హద్దు వెంటనే ఎదురైంది. వెడల్పు మూడు నాలుగు అంగుళాలు దాటితే మచ్చలేని ఫ్లింట్ బిళ్ళ దొరికేది కాదు. బరువైన సీసం కరిగిన గాజులో అడుక్కు దిగి, చల్లారేసరికి తీగల్లాంటి చారలు మిగిల్చేది. గాజులో చోటుచోటుకూ n మారిపోతే హేలీ సూత్రంలో ఏ n వేయాలి?

దానికి జవాబు లండన్‌లో దొరకలేదు. స్విట్జర్లండు కొండల్లోని పియర్ లూయీ గినాఁ అనే సామాన్య పనివాడు, కరిగిన గాజును బంకమట్టి కాడతో కలియబెట్టాలని ఎలా కనిపెట్టాడో, ఆ రహస్యం బవేరియాలో ఒక అనాథ కుర్రవాడైన ఫ్రౌన్‌హోఫర్ చేతికి ఎలా చేరిందో, వాళ్ళిద్దరికీ ఎందుకు పడలేదో వచ్చే భాగంలో.